టోటల్ కొలెస్ట్రాల్ 190 నార్మలే, మరి హెచ్‌డీఎల్ 15 సంగతేంటి?

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటాను. ఏడు వారాలుగా జిమ్ కోచ్ చెప్పిన ప్రకారం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్, ఆక్సాండ్రొలోన్ టాబ్లెట్ వాడుతున్నాను. ఏడాది క్రితం టోటల్ కొలెస్ట్రాల్ 182, ట్రైగ్లిజరైడ్స్ 115, హెచ్‌డీఎల్ 42, ఎల్‌డీఎల్ 117. మొన్న చేయిస్తే వరుసగా 190, 100, 15, 155 వచ్చాయి. టోటల్ నార్మలే కదా, పచ్చసొనలు తగ్గించి ఫిష్ ఆయిల్ వేసుకో, ఇంకో ఐదు వారాలు ఇవే వాడి సైకిల్ పూర్తి చెయ్యి అంటున్నాడు కోచ్. మా నాన్నకి 49వ ఏట గుండెకి స్టెంట్ వేశారు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

బాబూ, ముందు ఆ ఆక్సాండ్రొలోన్ టాబ్లెట్ ఈ రోజే ఆపెయ్యండి, అది కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్. ఐదు వారాలు కాదు, ఇంకో రోజు కూడా వద్దు. ఇంజెక్షన్ కూడా ఆపాల్సిందే. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి కాబట్టి కింద రాస్తాను. నేను గుంటూరులో జనరల్ ఫిజీషియన్‌ని. మీలాంటి రిపోర్టులు ఈమధ్య నా దగ్గరికి తరచుగా వస్తున్నాయి. దాదాపు అందరూ "టోటల్ నార్మలే కదా సార్" అనే మాటతోనే వస్తున్నారు. అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను.

లిపిడ్ ప్రొఫైల్‌లో టోటల్ కొలెస్ట్రాల్ అనేది మూడింటి మొత్తం. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్, చెడ్డదనే ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్‌ని మోసే వీఎల్‌డీఎల్. మూడోదాన్ని చాలా ల్యాబులు విడిగా కొలవవు, ట్రైగ్లిజరైడ్స్‌ని 5తో భాగించి వేస్తాయి. మీ పాత రిపోర్టు చూడండి: 42, 117, 23 కలిపితే 182. కొత్తది: 15, 155, 20 కలిపితే 190. అంటే హెచ్‌డీఎల్ 27 పడిపోయింది, ఎల్‌డీఎల్ 38 పెరిగింది, వీఎల్‌డీఎల్ 3 తగ్గింది. పడిందీ పెరిగిందీ ఒకదాన్నొకటి కప్పేసుకుని మొత్తంలో మిగిలిన తేడా 8 మాత్రమే. 200 లోపు ఉంది కాబట్టి ల్యాబ్ కంప్యూటర్ దాని పక్కన ఏ గుర్తూ పెట్టదు. మీ కోచ్ చూసింది ఆ ఒక్క గీతే.

ఆ ఒక్క అంకె బదులు రెండు లెక్కలు మీరే వేసుకోవచ్చు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేదాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటాం. రక్తనాళం గోడలోకి చేరగల కొలెస్ట్రాల్ అంతా అందులో ఉంటుంది. అది మీకు 140 నుంచి 175కి వెళ్లింది. రెండోది టోటల్‌ని హెచ్‌డీఎల్‌తో భాగించడం. అప్పుడు 4.3, ఇప్పుడు 12.7. ఈ నిష్పత్తి 5 దాటితేనే మేం ఆగి చూస్తాం. 27 ఏళ్ల మనిషికి 12.7 అంటే నేను రిపోర్టు పక్కన పెట్టి "ఏం టాబ్లెట్ వాడుతున్నావు?" అని అడుగుతాను.

ఇక పచ్చసొన. మీరు రోజుకి ఎన్ని గుడ్లు తింటున్నారో రాయలేదు. డజను తిన్నా సరే, ఈ రిపోర్టు గుడ్ల వల్ల వచ్చింది కాదు. నెయ్యి, వేట మాంసం, పచ్చసొనల వల్ల ఎల్‌డీఎల్ కొంత పెరగొచ్చు, కొందరిలో ఎక్కువే పెరగొచ్చు. కానీ ఆ తిండితో హెచ్‌డీఎల్ 15కి పడిపోదు. సాచురేటెడ్ కొవ్వు తింటే ఎల్‌డీఎల్‌తో పాటు హెచ్‌డీఎల్ కూడా కాస్త పెరుగుతుందే తప్ప తగ్గదు. హెచ్‌డీఎల్ బాగా తక్కువగా కనిపించే మనవాళ్లలో ఎక్కువ మందికి ట్రైగ్లిజరైడ్స్ 250, 300 ఉంటాయి. పొట్ట, షుగర్, తాగుడు, మూడు పూటలా తెల్లన్నం, ఇవన్నీ ఆ దారిలోవి. మీ ట్రైగ్లిజరైడ్స్ 100, నిక్షేపంగా ఉన్నాయి. పుట్టుకతో హెచ్‌డీఎల్ 20 లోపు ఉండే అరుదైన జన్యు జబ్బులు ఉన్నాయి గానీ, మీకు ఏడాది క్రితం 42 ఉంది, కాబట్టి అవి కావు. ట్రైగ్లిజరైడ్స్ మామూలుగా ఉండి, హెచ్‌డీఎల్ ఒక్కసారిగా కుప్పకూలి, ఎల్‌డీఎల్ పైకి లేచిందంటే, జిమ్‌కి వెళ్లే కుర్రాడిలో నేను మొదట అనుమానించేది నోటితో తీసుకునే అనబాలిక్ స్టెరాయిడ్‌నే.

నోటితో అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అసలు కథంతా అక్కడే ఉంది. మామూలు టెస్టోస్టెరాన్‌ని టాబ్లెట్‌గా మింగితే పేగుల్లోంచి నేరుగా లివర్‌కి వెళ్లి అక్కడే చాలావరకు విరిగిపోతుంది. అలా విరగకుండా ఉండాలని స్టానొజొలాల్, మెథాన్‌డైనోన్, ఆక్సాండ్రొలోన్ లాంటి వాటిలో అణువు మీద 17వ స్థానంలో ఒక చిన్న మార్పు చేశారు. దాంతో మందు లివర్‌లో తొందరగా విరగదు. మింగిన ప్రతిసారీ ఎక్కువ మోతాదులో లివర్‌ని తాకుతుంది. లివర్‌లో హెపాటిక్ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. హెచ్‌డీఎల్ కణాల్లోని కొవ్వును కోసి, పెద్ద కణాన్ని చిన్నది చేయడం దాని పనుల్లో ఒకటి. ఈ మందులు ఆ ఎంజైమ్‌ని విపరీతంగా రెచ్చగొడతాయి. చిన్నబడిన హెచ్‌డీఎల్ కణం రక్తంలో ఎక్కువ కాలం నిలవదు, దాని ప్రొటీన్ కిడ్నీల దారిన పోతుంది. అందుకే హెచ్‌డీఎల్ పడడానికి నెలలు అక్కర్లేదు, కొన్ని వారాలు చాలు.

దీని మీద 1989లో అమెరికాలో ఒక చక్కటి పరీక్ష చేశారు. బరువులెత్తే 11 మంది మగవాళ్లకి ఒక విడతలో ఆరు వారాలు స్టానొజొలాల్ టాబ్లెట్ రోజుకి 6 మిల్లీగ్రాములు, ఇంకో విడతలో ఆరు వారాలు టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ వారానికి 200 మిల్లీగ్రాములు ఇచ్చారు. మనుషులు వాళ్లే, మందు మాత్రమే మారింది. టాబ్లెట్ మీద హెచ్‌డీఎల్ 33 శాతం పడిపోయింది, ఎల్‌డీఎల్ 29 శాతం పెరిగింది. ఇంజెక్షన్ మీద హెచ్‌డీఎల్ 9 శాతమే తగ్గింది, ఎల్‌డీఎల్ తగ్గింది కూడా. నేను చెప్పిన ఆ లివర్ ఎంజైమ్ టాబ్లెట్‌తో రెట్టింపు దాటింది, ఇంజెక్షన్‌తో పాతిక శాతమే పెరిగింది. పైగా రోజుకి 6 మిల్లీగ్రాములంటే జిమ్ లెక్కల్లో చాలా చిన్న మోతాదు. జిమ్ కుర్రాళ్లు నాకు చెప్పేవి దానికి చాలా రెట్లు.

అలాగని ఇంజెక్షన్ ఒక్కటే వాడితే ఫర్వాలేదని అర్థం చేసుకోవద్దు. ఆ పరీక్షలో ఇచ్చింది ఒక మోస్తరు మోతాదు. టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది, అది హెచ్‌డీఎల్‌ని కొంత కాపాడుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ఆ కాపుదల సరిపోదు. పైగా ఛాతీ పెరుగుతుందనే భయంతో కోచ్‌లు లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ కూడా ఇప్పిస్తుంటారు. అవి ఈస్ట్రోజన్ తయారవకుండా ఆపేస్తాయి, అంటే ఉన్న ఆ కాస్త కాపుదలా పోతుంది. మీరు రాయలేదు గానీ, అలాంటిది ఏదైనా వాడుతుంటే మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. "స్టెరాయిడ్ కాదు, సేఫ్" అని అమ్మే సార్మ్స్ కూడా నోటితో తీసుకునేవే. వాటి మీదా హెచ్‌డీఎల్ పడుతుంది.

మీ టాబ్లెట్ గురించి ఒక మాట. ఆక్సాండ్రొలోన్ మైల్డ్ అని జిమ్ముల్లో పేరు. హెచ్‌డీఎల్ విషయంలో అది ఏమాత్రం మైల్డ్ కాదు. అమెరికాలో దాని పెట్టె మీద వేసే హెచ్చరికలోనే లివర్ గడ్డలతో పాటు, రక్తంలో కొవ్వుల మార్పు వల్ల రక్తనాళాల జబ్బు ముప్పు ఉందని రాసి ఉండేది. 2023లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందుకి ఇచ్చిన ఆమోదాన్ని ఉపసంహరించింది. రెండో సంగతి, మీరు మింగుతున్నది నిజంగా ఆక్సాండ్రొలోనేనా అన్నది. అది ఖరీదైన మందు కాబట్టి ఆ పేరుతో చవకైన స్టానొజొలాల్‌నో, మెథాన్‌డైనోన్‌నో నింపి అమ్మడం లోకమంతా ఉన్న మోసమే. మొన్నామధ్య ఒక కుర్రాడు పాలిథిన్ కవర్లో తన సరుకంతా తెచ్చి నా టేబుల్ మీద పోశాడు. డబ్బా మెరిసిపోతోంది, హోలోగ్రామ్ కూడా ఉంది. తిప్పి చూస్తే తయారీ లైసెన్సు నంబరు లేదు, షెడ్యూల్ హెచ్ మందులకి ఉండాల్సిన ఎర్ర గీత లేదు, తయారుచేసిన చోటు అడ్రసు లేదు. మన దేశంలో అనబాలిక్ స్టెరాయిడ్లు డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందులు. మీ డబ్బా కూడా ఒకసారి అలా తిప్పి చూడండి. ఆ మందు ఏదో, ఎంత ఉందో తెలీకుండా మోతాదు గురించి మాట్లాడుకోవడం వృథా.

ఫిష్ ఆయిల్ సంగతి. అది ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉంటే తగ్గిస్తుంది. మీకు తగ్గించాల్సిన ట్రైగ్లిజరైడ్స్ లేవు. హెచ్‌డీఎల్‌ని 15 నుంచి లేపే శక్తి దానికి లేదు, కొందరిలో ఎల్‌డీఎల్ కొంచెం పెరుగుతుంది కూడా. వెల్లుల్లి, ఆపిల్ సైడర్ వెనిగర్, మెంతుల పొడి, ఏదైనా ఇంతే. లివర్‌లో ఆ ఎంజైమ్‌ని రెచ్చగొట్టే మందు రోజూ లోపలికి పోతున్నంత కాలం ఇవేవీ హెచ్‌డీఎల్‌ని నిలబెట్టలేవు. "మరి స్టాటిన్ వేసుకుని సైకిల్ పూర్తి చేస్తే?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. స్టాటిన్ ఎల్‌డీఎల్‌ని తగ్గిస్తుంది, నిజమే. హెచ్‌డీఎల్‌ని నామమాత్రంగానే పెంచుతుంది. పైగా బరువులెత్తి కండరాలు నలిగి, వాటిలోంచి రక్తంలోకి వచ్చే సీపీకే అనే ఎంజైమ్ ఎలాగూ పెరిగి ఉంటుంది. అందులో స్టాటిన్ నొప్పి ఏదో, వర్కవుట్ నొప్పి ఏదో ఎవరూ తేల్చలేరు. లివర్ మీద ఇప్పటికే ఒక భారం ఉంది. ఆ ఏర్పాటుకి నేను చీటీ రాయను.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. హెచ్‌డీఎల్‌ని "మంచి కొలెస్ట్రాల్" అని మేమే అందరికీ నేర్పాం. కానీ హెచ్‌డీఎల్‌ని మందుతో పెంచితే గుండెపోట్లు తగ్గుతాయా అని పెద్ద పెద్ద పరీక్షలు చేస్తే ఫలితం రాలేదు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని బాగా పెంచింది గానీ మరణాలు ఎక్కువై 2006లో దాని పరీక్ష ఆపేశారు. హెచ్‌డీఎల్‌ని పెంచే నియాసిన్ అనే విటమిన్‌తోనూ లాభం తేలలేదు. కాబట్టి నియాసిన్ బిళ్లలు కొనుక్కుని హెచ్‌డీఎల్‌ని 15 నుంచి 30కి లాగితే గండం గడిచిందనుకోకూడదు. మీ 15 నాకు చెప్పేది, మీ లివర్‌లో కొవ్వుల వ్యవహారం గాడి తప్పింది అని. రక్తనాళం గోడలో పూడిక పెట్టేది మాత్రం 155 ఎల్‌డీఎల్. అది ఎంత ఉంది అన్నదే కాదు, ఎన్నేళ్లు ఉంది అన్నది కూడా లెక్కే. ఏడు వారాల 155తో ఎవరి గుండె నాళమూ మూసుకుపోదు. ఏడాదికి రెండు సైకిళ్లు, మధ్యలో "క్రూజ్" అని తక్కువ మోతాదు, అలా ఐదారేళ్లు నడిపిన వాళ్ల సంగతి వేరు. 2017లో అమెరికాలో 86 మంది స్టెరాయిడ్ వాడినవాళ్లని, వాడని 54 మంది బరువులెత్తేవాళ్లతో పోల్చి చూశారు. వాడినవాళ్లలో గుండె కొట్టే శక్తి తక్కువగా ఉంది, గుండె నాళాల్లో పూడిక ఎక్కువగా ఉంది. జీవితం మొత్తంలో ఎంత కాలం వాడారన్న దాన్ని బట్టి పూడిక పెరిగింది.

మీ విషయంలో నన్ను తొందరపెట్టేది నాన్నగారి స్టెంట్. మగవాళ్లలో 55 లోపు గుండె జబ్బు వస్తే దాన్ని చిన్న వయసు జబ్బు కింద లెక్కిస్తాం, అది పిల్లల ముప్పును పెంచుతుంది. దానికి తోడు టెస్టోస్టెరాన్ వల్ల రక్తం చిక్కబడుతుంది. సీబీపీలో ఆ చిక్కదనాన్ని చెప్పే హిమటోక్రిట్ 54 దాటితే గడ్డలు కట్టే భయం ఉంటుంది. లిపిడ్ ఒక్కటే చూసుకుని ఊరుకోకండి, సీబీపీ, బీపీ, ఈసీజీ, 2డీ ఎకో చేయించుకోండి. ట్రెడ్‌మిల్ మీద చేసే టీఎంటీ నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. అది ఎక్కువగా మూసుకుపోయిన నాళాన్నే పట్టుకుంటుంది, మొదలవుతున్న పూడికని పట్టదు. సీటీ స్కాన్‌తో గుండె నాళాల్లో గట్టిపడ్డ పూడికని లెక్కించే కాల్షియం స్కోర్ కూడా మీ వయసులో చాలావరకు సున్నాయే వస్తుంది. సున్నా వచ్చినంత మాత్రాన మెత్తటి పూడిక లేదని కాదు.

ఆపిన తర్వాత ఏమవుతుందో చెప్తాను. బ్రాడీపేట నుంచి వచ్చిన ఒక కుర్రాడి రిపోర్టులు నా దగ్గర ఉన్నాయి. మీలాగే టాబ్లెట్, ఇంజెక్షన్ కలిపి పన్నెండు వారాలు వాడాడు. ఆపే రోజుకి హెచ్‌డీఎల్ 17, ఎల్‌డీఎల్ 148. ఆరు వారాలకి హెచ్‌డీఎల్ 29కి వచ్చింది. అప్పుడే వాళ్ల నాన్నగారు "ఇంకా రాలేదేం, ఏదైనా మందివ్వండి" అని కంగారుపడ్డారు. ఏమీ ఇవ్వలేదు. మూడు నెలలకి హెచ్‌డీఎల్ 39, ఎల్‌డీఎల్ 114. చాలామందిలో దాదాపు ఇదే దారి. ఆరు వారాలకి సగం దారిలో ఉంటారు, మూడు నెలలకి పాత అంకెల దగ్గరికి చేరతారు. కాబట్టి మీరూ ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి చేయించండి, ఒకే ల్యాబ్‌లో. రాత్రి భోజనం తర్వాత పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్లండి. పరీక్షకి ముందు మూడు నాలుగు రోజులు కాళ్లు, వీపు వర్కవుట్లు బాగా తగ్గించండి. లేకపోతే కండరాల్లోంచి వచ్చే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ చూసి లివర్ పాడైందని టెన్షన్ పడతారు. వాటితో పాటు జీజీటీ కూడా చేయిస్తే తేడా తెలుస్తుంది. అది కండరం నుంచి రాదు.

మూడు నెలలకి కూడా హెచ్‌డీఎల్ 20ల్లోనే ఉంటే, మొదట అనుమానించాల్సింది మీరు మానేసినా ఇంకేదో లోపలికి వెళ్తోందని. పేరూ ఊరూ లేని ప్రీ వర్కవుట్ పొడులు, "టెస్ట్ బూస్టర్లు" కూడా పక్కన పెట్టి మళ్లీ చూడాలి. ఎల్‌డీఎల్ 117 దగ్గరికి దిగకుండా 150లోనే ఉండిపోతే థైరాయిడ్ పరీక్ష చేయించి, అప్పుడు నాన్నగారి చరిత్రతో కలిపి స్టాటిన్ గురించి ఆలోచించాలి. ఆ సమయంలో స్టాటిన్‌కి అర్థం ఉంది, ఇప్పుడు లేదు. ఇంకొకటి, లైపోప్రొటీన్ ఏ అనే పరీక్ష. వంశపారంపర్యంగా వచ్చేది, మనవాళ్లలో చిన్న వయసు గుండెపోట్లకి దానికి సంబంధం ఉంది, మీకు జీవితంలో ఒకసారి తప్పకుండా చేయాలి. కానీ ఇప్పుడు చేయించకండి. ఈ స్టెరాయిడ్లు దాన్ని దించేస్తాయి, మీకు లేని ధైర్యం వస్తుంది. మూడు నెలల తర్వాత చేయించండి.

ఇప్పుడు ఇంజెక్షన్ ఆపడం గురించి. బయటినుంచి టెస్టోస్టెరాన్ వస్తున్నంత కాలం మీ వృషణాలు పని తగ్గించేస్తాయి. ఆపగానే అవి వెంటనే లేవవు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు నీరసం, నిద్ర పట్టకపోవడం, కోరికలు తగ్గడం, చేసిన కండ తగ్గడం, మనసు బాగా కుంగిపోవడం ఉండొచ్చు. చాలామంది మళ్లీ మొదలుపెట్టేది ఇక్కడే, కోచ్ మాట కంటే ఈ నీరసమే వాళ్లని వెనక్కి లాగుతుంది. అందుకని ఒంటరిగా ఆపకండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. విజయవాడలో ఎండోక్రైనాలజిస్టులు ఉన్నారు, ఒకసారి కలవండి. ఉదయం 8, 10 మధ్య తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్, వృషణాలని పని చేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు చూసి దారి చెప్తారు. వృషణాలని మళ్లీ లేపుతాయని ఆన్‌లైన్‌లో చూసి క్లోమిఫిన్, టామోక్సిఫెన్ మీరే కొనుక్కుని వేసుకోవద్దు. బతకాలనిపించడం లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే డాక్టర్‌ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఈలోగా ఛాతీ మధ్యలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఇలా ఏమైనా వస్తే "గ్యాస్ పట్టేసింది" అని ఈనో తాగి పడుకోకండి. 27 ఏళ్లు కదా అని కూడా అనుకోకండి. 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించండి, స్టెరాయిడ్ వాడానని అక్కడి డ్యూటీ డాక్టర్‌కి మొదటి నిమిషంలోనే చెప్పండి.

మామూలుగా డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కూడా అంతే. "ప్రొటీన్ పౌడర్ వాడుతున్నాను" అని చెప్పి ఊరుకుంటే ఆయన ఈ 15ని చూసి జన్యు పరీక్షలదాకా పంపిస్తారు, లేదా స్టాటిన్ రాసి పంపేస్తారు. డబ్బా, వయల్, సిరంజి కవర్ అన్నీ పట్టుకెళ్లండి. ఏ తేదీన మొదలుపెట్టారు, వారానికి ఎంత, చివరి డోసు ఎప్పుడు అని ఒక కాగితం మీద రాసుకుని, ఏడాది క్రితం రిపోర్టు, మొన్నటి రిపోర్టు రెండూ దానికి పిన్ చేసి ఇవ్వండి.